షెహనాయా, నాదస్వరమా: రీడు, గొట్టం, శ్రుతి చూసి ఎంచుకోవడం

నాదస్వరం, షెహనాయిలలో ఏదో ఒకటి నేర్చుకోవాలనుకునేవారూ, పెళ్ళికి ఏదో ఒకటి మాట్లాడుకోవాలనుకునేవారూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: రెండింటిలో ఏది గట్టిగా మోగుతుంది? ఈ ప్రశ్నతో ఎంపిక తేలదు. రెండూ గట్టిగానే మోగుతాయి, అదీ ఒకే కారణం వల్ల. రెండు రేకులు కలిసిన రీడు, పైన సన్నగా మొదలై కిందికి వెడల్పయ్యే శంకువు ఆకారపు లోగొట్టం రెండు వాద్యాలకూ ఉన్నాయి. తేడాలు ఉన్నది గొట్టం పొడవులో, రీడు పరిమాణంలో, వాటివల్ల వచ్చే శ్రుతిలో, పక్కన వాయించే తాళవాద్యంలో. అందువల్ల ముందు ఆ గట్టిదనం ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకుంటే, ఎవరికి ఏది సరిపోతుందో చెప్పడం తేలికవుతుంది.

రీడు చేసే పని

నాదస్వరం రీడును సీవాళి అంటారు. కావేరి డెల్టాలో పెరిగే రెల్లు జాతి గడ్డిని కోసి, ఎండబెట్టి, పదును చేసి, నొక్కి, రెండు రేకులు ఒకదానిమీద ఒకటి కూర్చునేలా దారంతో కట్టి దీన్ని తయారుచేస్తారు. కెండై అనే సన్నని లోహపు గొట్టానికి దీన్ని తొడిగి, ఆ కెండైని వాద్యం పైకొనలో బిగిస్తారు. షెహనాయి రీడు కూడా ఈ పద్ధతిదే, కాని చిన్నది, ఇరుకైనది. నాదస్వర విద్వాంసుని చేతిలోని వాద్యాన్ని దగ్గరగా చూస్తే పైభాగంనుంచి ఒక దారానికి నాలుగైదు రీడులూ ఒక సన్నని సూదీ వేలాడుతూ కనిపిస్తాయి. అవి అలంకారం కోసం కట్టినవి కావు. కచేరీ నడుమ రీడు మొరాయిస్తే అప్పటికప్పుడు మార్చడానికి ఆ రీడులు, మూసుకుపోయిన రేకులను విప్పడానికీ లోపల చేరిన తేమను తీయడానికీ ఆ సూది.

ఊదకముందు రెండు రేకుల మధ్య కన్ను ఆకారంలో సన్నని సందు ఉంటుంది. వాద్యకారుడు పెదవులతో రీడును పట్టి గాలిని ఒత్తిడితో పంపినప్పుడు రేకులు దగ్గరై ఆ సందు మూసుకుపోతుంది, గొట్టం చివరిదాకా వెళ్ళి తిరిగివచ్చిన పీడన తరంగం దాన్ని మళ్ళీ తెరుస్తుంది. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా మూసుకుని తెరుచుకోవడం వల్ల గాలి ధారగా కాకుండా తునకలు తునకలుగా గొట్టంలోకి వెళుతుంది. ప్రతి ఆవృత్తిలో కొంతసేపు ద్వారం పూర్తిగా మూసుకుపోతుంది కనుక గాలి ప్రవాహం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గే నునుపైన అల కాదు. అంచులు పదునుగా తెగిన తునక. అలా పదునుగా తెగిన తరంగంలో మూలస్వరంతోపాటు దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇంకా ఎన్నో ఇంతల అనుస్వరాలు బలంగా ఉంటాయి. వేణువులో మూలస్వరానిదే పైచేయి. ఇక్కడ పై అనుస్వరాలు కొన్ని మూలస్వరాన్ని మించి కూడా వినిపిస్తాయి.

మన చెవికి అన్ని పౌనఃపున్యాలూ సమానం కావు. చెవి రంధ్రం ఆకారంవల్ల సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉన్న ధ్వనిని మనం అన్నిటికన్నా తేలికగా పట్టుకుంటాం. జంట రీడు పంపే అనుస్వరాలలో గణనీయమైన భాగం సరిగ్గా ఈ పరిధిలోనే పడుతుంది. ఆలయ ప్రాకారానికి అవతల ఉన్నా, డోలు, జనం గోల, వాహనాల చప్పుడు మధ్య ఉన్నా సన్నాయి పాట తెలుస్తూనే ఉంటుందంటే కారణం మొత్తం శక్తి మాత్రమే కాదు, ఆ శక్తి చెవి ఎదురుచూసే చోట చేరడం కూడా.

గొట్టం శంకువు ఆకారంలో ఎందుకు ఉండాలి

ఇదే రీడును నిడివంతా ఒకే వెడల్పు ఉన్న గొట్టానికి పెడితే ఈ నాదం రాదు. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే కొనేటప్పుడు చేయవలసిన ముఖ్యమైన పరీక్ష ఇక్కడినుంచే పుడుతుంది.

రీడు ఉన్న కొన దాదాపు మూసిన కొనతో సమానం. ఒకే వెడల్పు ఉన్న గొట్టంలో పీడన తరంగం తెరిచిన కొన దగ్గర తలకిందులై వెనక్కి వస్తుంది, మూసిన కొన దగ్గర మాత్రం తలకిందులు కాకుండానే తిరుగుతుంది. మొదటి స్థితికి రావడానికి రెండు రాకపోకలు, అంటే పొడవుకు నాలుగింతల ప్రయాణం కావాలి. క్లారినెట్‌లో జరిగేది ఇదే. శంకువులో తరంగం కొసవైపు ఇరుకవుతూ వెళ్ళి అక్కడ కూడా తలకిందులవుతుంది. రెండు చోట్లా ఒక్కొక్కసారి తిరగబడడంతో ఒక్క రాకపోకలోనే, అంటే పొడవుకు రెండింతల ప్రయాణంలోనే, ఆవృత్తి పూర్తవుతుంది.

లెక్క వేసి చూద్దాం. గాలిలో ధ్వని వేగం సెకనుకు 346 మీటర్లు అనుకుని, పనికివచ్చే పొడవు 60 సెంటీమీటర్లు ఉన్న రెండు గొట్టాలను తీసుకుందాం. ఒకే వెడల్పు గొట్టం మూలస్వరం 346 ÷ (4 × 0.6), అంటే సుమారు 144 హెర్ట్జ్. దాని అనుస్వరాలు మూడింతలు, ఐదింతలు, ఏడింతలు, అంటే 432, 720, 1,008 ఇలా ఒకటి విడిచి ఒకటి వస్తాయి. శంకువు మూలస్వరం 346 ÷ (2 × 0.6), అంటే సుమారు 288 హెర్ట్జ్, అనుస్వరాలు 576, 864, 1,152 ఇలా ఏదీ తప్పకుండా అన్నీ వస్తాయి. అంటే అదే పొడవులో శంకువు ఒక స్థాయి పైన మోగుతుంది, దాని అనుస్వరాల వరుసలో ఖాళీలు ఉండవు. పాశ్చాత్య వాద్యాలలో ఓబో, క్లారినెట్ దాదాపు ఒకే పొడవువి అయినా ఓబో అట్టడుగు స్వరం సుమారు 233 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, క్లారినెట్ సుమారు 147 దాకా దిగుతుంది. ఓబోది శంకువు, క్లారినెట్‌ది దాదాపు సమమైన గొట్టం.

వాయించేవారికి దీనివల్ల దక్కే లాభం మరొకటి ఉంది. శంకువులో రెండో అనుస్వరం మూలస్వరానికి సరిగ్గా రెట్టింపు కనుక, అవే వేళ్ళు అక్కడే ఉంచి గాలి ఒత్తిడి, పెదవుల పట్టు పెంచితే తారస్థాయి పలుకుతుంది. క్లారినెట్‌లో అలా పెంచితే పలికేది పైస్థాయి షడ్జమం కాదు, ఆ పై పంచమం. ఏ.కె.సి. నటరాజన్ గారి వంటి విద్వాంసులు ఆ వాద్యంమీద కర్ణాటక సంగీతాన్ని అంత హాయిగా వాయించడం ఎంత సాధనో ఈ ఒక్క విషయం చెబుతుంది. నాదస్వరానికీ షెహనాయికీ ఆ చిక్కు లేదు. రెండు స్థాయిలకూ ఒకే వేళ్ళ అమరిక సరిపోతుంది.

అయితే ఏ వాద్యంలోనూ శంకువు కొసదాకా ఉండదు. రీడు పెట్టడానికి కొసను తెంపవలసిందే. ఆ తెగిపోయిన ముక్కలో ఉండవలసిన గాలి పరిమాణానికి రీడు, కెండై కలిసి సమానం కావాలి. సమానమైతే రెండు స్థాయిల మధ్య దూరం కచ్చితంగా ఉంటుంది. రీడు లోపలి జాగా అవసరానికి మించితే పై స్వరాలు కింది స్వరాలకన్నా ఎక్కువగా దిగిపోయి తారషడ్జమం తక్కువ శ్రుతిలో పలుకుతుంది. జాగా చాలకపోతే తారషడ్జమం ఎక్కువ శ్రుతికి ఎగబాకుతుంది. నాదస్వరానికి చేసిన రీడును షెహనాయికీ, షెహనాయి రీడును నాదస్వరానికీ పెట్టలేకపోవడానికి కారణం రంధ్రంలో పట్టకపోవడం ఒక్కటే కాదు. ఒకే రకం వాద్యాలలోనూ ఒకదానికి కుదిరిన రీడు, కెండై జత మరొకదానికి కుదరకపోవచ్చు. కొనేటప్పుడు కర్ర ఎంత నల్లగా ఉంది, వార్నిష్ ఎంత మెరుస్తోంది అని చూసేవారు ఎక్కువ. స్థాయిల పరీక్ష చేసేవారు తక్కువ.

పొడవు, శ్రుతి, వేళ్ళు

షెహనాయి సాధారణంగా 30 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. నాదస్వరం దానికి దాదాపు రెట్టింపు. నాదస్వరంలోనూ రెండు రకాలు వాడుకలో ఉన్నాయి: పొట్టిగా ఉండి 4½ నుంచి 5 శ్రుతిలో పలికే తిమిరి, పొడవుగా ఉండి 2 నుంచి 2½ శ్రుతిలో పలికే బారి. ఈ దిగువ శ్రుతి బారి నాదస్వరం కచేరీ వేదికమీద స్థిరపడడానికి టి.ఎన్. రాజరత్నం పిళ్ళై (1898–1956) ముఖ్య కారకులు. కుంభకోణం దగ్గరి నరసింగంపేట ఆచారులు ఆ వాద్యాన్ని మలిచారు, ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

పొట్టి గొట్టం నాదం గుచ్చుకున్నట్టు వినిపించడానికి పై లెక్కే జవాబు. పనికివచ్చే పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న షెహనాయి మూలస్వరం సుమారు 432 హెర్ట్జ్. చెవికి అతిసులువైన 3,000 హెర్ట్జ్ ప్రాంతం దానికి ఏడో అనుస్వరం దగ్గర వస్తుంది. 60 సెంటీమీటర్ల గొట్టానికి పదో అనుస్వరం దగ్గర వస్తుంది. అనుస్వరాలు పైకి వెళ్ళేకొద్దీ మామూలుగా బలహీనపడతాయి కనుక, పొట్టి వాద్యంలో ఆ ప్రాంతానికి చేరేవి ఇంకా బలంగా ఉన్న అనుస్వరాలు. షెహనాయికి తక్కువ గాలే చాలినా దాని నాదం అంత దూరం తెలియడం ఇందువల్లే. బారి నాదస్వరం నాదంలో లోతు, బరువు ఉంటాయి. తిమిరికి కొంత షెహనాయి పదును ఉంటుంది. గుడి వీధిలో ఊరేగింపుకు తిమిరి, కూర్చుని వినే కచేరీకి బారి అనే పాత అలవాటు వెనక ఈ తర్కమే ఉందని నా అభిప్రాయం.

శ్రుతి దించడానికి చెల్లించే మూల్యం చేతి చాపు. 4½ నుంచి 2½ శ్రుతికి దిగడమంటే మూడు అరస్వరాలు తగ్గడం. దానికి గొట్టం పొడవు, దానితోపాటు రంధ్రాల మధ్య ఎడం, సుమారు 19 శాతం పెరగాలి. తిమిరిలో రెండు రంధ్రాల మధ్య 3 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే బారిలో అది 3.6 అవుతుంది. ఒక్కొక్క చోట ఆరు మిల్లీమీటర్లు చిన్నమాటగా కనిపించినా, ఒక చేతి వేళ్ళన్నీ పరుచుకునేసరికి రెండు సెంటీమీటర్లకు దగ్గరవుతుంది. నాదస్వరానికి వేళ్ళతో మూసే రంధ్రాలు 7. వాటి దిగువన ఉన్నవి శ్రుతి సరిచేయడానికి. వాటిని మైనంతో కొంత మూసి సవరిస్తారు. ఆ ఏడూ పెద్ద రంధ్రాలు కనుక వేలి కొనతో కాక వేలి కండతో మూయాలి. పిల్లవాడి వేళ్ళు చాపి పెట్టినప్పుడు ఒక్క రంధ్రం అంచునుంచైనా గాలి జారితే దిగువ స్వరాలు పలకనే పలకవు, పలికినా వణుకుతాయి. అలాంటప్పుడు ఊపిరి చాలడం లేదని పిల్లలను మందలించడం అన్యాయం. తప్పు వాద్యం కొలతది.

గాలి విషయంలో రెండింటికీ తేడా స్పష్టం. నాదస్వరం రీడు వెడల్పైనది, గొట్టం పెద్దది, కాబట్టి ఎక్కువ పరిమాణంలో గాలి కావాలి. షెహనాయికి గాలి పరిమాణం తక్కువ చాలుతుంది, కాని ఇరుకైన సందులోంచి ఒత్తిడితో పంపాలి కనుక వదలని గాలి ఛాతీలో నిలిచిపోయి అలసట మరోరకంగా వస్తుంది. రెండింటిలోనూ బుగ్గల్లో గాలి నిలిపి ఊదుతూనే ముక్కుతో పీల్చుకునే పద్ధతి నేర్చుకోవలసిందే.

ఏ సంగీతం, ఏ గురువు

భౌతికశాస్త్రం ఇక్కడితో ఆగి, సంప్రదాయం మాట్లాడే చోటు ఇది. నాదస్వరంలో సగం మూసిన రంధ్రం, పెదవి ఒత్తిడి, గాలి ఒత్తిడి మూడూ కలిసి గమకాన్ని పలికిస్తాయి; నాలుకతో స్వరాన్ని కొట్టే తుత్తుకారం దానికి ప్రత్యేకమైన పలుకు. షెహనాయిలోనూ వేలిని రంధ్రంమీద జార్చి, పెదవులు సడలించి మీండ్ పలికిస్తారు. ఉస్తాద్ బిస్మిల్లా ఖాన్ (1916–2006) ఆ వాద్యాన్ని పెళ్ళి వాకిలినుంచి కచేరీ వేదికకు తెచ్చి నిలబెట్టారు. సాధ్యాసాధ్యాల పరంగా రెండు వాద్యాలూ రెండు సంప్రదాయాలకూ లొంగుతాయి. కాని తోడి రాగాన్ని షెహనాయిమీద కర్ణాటక పద్ధతిలో నేర్పే గురువు దొరకడం చాలా కష్టం. వాద్యాన్ని చూసి సంగీతాన్ని ఎంచుకోవద్దు. ఇప్పటికే చెవిలో ఉన్న సంగీతాన్ని చూసి వాద్యాన్ని ఎంచుకోండి.

తెలుగువారికి నాదస్వరం దగ్గరి దారి. చిలకలూరిపేట ప్రాంతపు ముస్లిం కుటుంబాలలో ఈ విద్య తరతరాలుగా సాగింది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా (1924–1999) శ్రీరంగంలో స్థిరపడి ఆ విద్యను దేశమంతా వినిపించారు, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానాల నాదస్వర, డోలు పాఠశాల ఉంది. షెహనాయి నేర్చుకోవాలంటే మన ప్రాంతంలో గురువును వెతుక్కోవాలి, తరచు ఉత్తరాది గురువుతో దూరంనుంచి పాఠం సాగించాలి. దూరపాఠంలో రాగం నేర్చుకోవచ్చు. రీడును పెదవుల మధ్య ఎంతవరకు తీసుకోవాలో, ఎంత నొక్కాలో తెరమీద చూసి నేర్చుకోవడం కష్టం, తొలి నెలలు గడిచేది ఆ పనిమీదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో అపార్ట్‌మెంట్‌లో ఉండే పదమూడేళ్ళ అమ్మాయి నాలుగేళ్ళుగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది, వర్ణాలు వచ్చు, పాడేది 5 శ్రుతిలో, ఇప్పుడు గాలి వాద్యం ఒకటి కావాలంటోంది. ఆమె చెవిలో ఉన్నది గమకం. అది నాదస్వరం పక్షం. ఆమె వేళ్ళు బారికి చాలవు; తిమిరి ఆమె పాడే శ్రుతికే దగ్గరగా ఉంటుంది కనుక నోటితో పాడిన వర్ణాన్ని అదే ఎత్తున వాద్యంమీద వెతుక్కోవచ్చు. రెండు మూడేళ్ళకు చెయ్యి పెరిగాక బారికి మారవచ్చు. వేళ్ళ అమరిక అదే కనుక మారడంలో పోయేదేమీ లేదు. కాని ఈ అపార్ట్‌మెంట్ మాట? రెండు వాద్యాలకూ గొంతు తగ్గించే ఉపాయం లేదు. మెత్తగా ఊదాలంటే రీడు సందును సన్నగా అదుపులో పెట్టే పెదవుల బలం కావాలి, అది ఆరంభంలో ఉండదు. అందుకే వేళ్ళ సాధన ఊదకుండా, స్వరం నోటితో పాడుతూ వాద్యంమీద వేళ్ళు కదపడంతో చేయించి, ఊదే సాధనకు పగటివేళ మేడమీదనో, దగ్గరి గుడిలోనో గంటసేపు చోటు చూడటం మంచిది. చిన్న గదిలో ఊదితే గోడలనుంచి తిరిగివచ్చే ధ్వని ఊదేవారి చెవికే చేటు. సాధన తరువాత చెవుల్లో గుయ్‌మంటుంటే ఆ గది పనికిరాదని అర్థం.

ఇదే అమ్మాయి స్థానంలో బాన్సురి నేర్చుకున్న, హిందుస్తానీ విని పెరిగిన యువకుడు ఉంటే నా సలహా షెహనాయి. వేణువు నేర్చిన వేళ్ళకు ఆ ఎడం కొత్తగా అనిపించదు, సంగీతమూ మారదు, నేర్చుకోవలసిన కొత్త విషయం రీడు ఒక్కటే.

పెళ్ళికి మాట్లాడుకునేవారికి

ఇక్కడ నిర్ణయించేది పక్కవాద్యం. తెలుగు పెళ్ళిలో మాంగల్యధారణ వేళ పురోహితులు సైగ చేయగానే గట్టిమేళం మోగాలి. ఆ క్షణానికి డోలు కావాలి, డోలు పక్కన నిలిచి వినిపించేది నాదస్వరం. షెహనాయికి తోడు వచ్చేవి తబలా గాని, దుక్కడ్ అనే చిన్న జంట వాద్యం గాని. వాటి శబ్దం మండపం చివరిదాకా అందదు. కాబట్టి ముహూర్తానికి నాదస్వరం, డోలు అనుకోవడమే సరి. అతిథులు వస్తూ పోతూ మాట్లాడుకునే విందు సమయానికి, మైకు పెట్టగల హాలులో, షెహనాయి చాలా హాయిగా ఉంటుంది. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే నాదస్వరం తీసుకోండి.

శ్రుతికి ఆధారంగా నాదస్వరంతో ఒత్తు, షెహనాయితో సుర్ అనే మరో వాద్యకారుడు ఉండేవారు. ఇప్పుడు చాలాచోట్ల ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చింది. ఈ మార్పు తెచ్చిన చిక్కు ఒకటి వేసవి పెళ్ళిళ్ళలో కనిపిస్తుంది. ఎదురుకోలు 38 డిగ్రీల ఎండలో, ముహూర్తం 22 డిగ్రీల ఏసీ హాలులో అనుకుందాం. ధ్వని వేగం డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటరు చొప్పున మారుతుంది. 16 డిగ్రీల తేడాకు వేగం దాదాపు 2.7 శాతం తగ్గి, శ్రుతి దాదాపు అర అరస్వరం దిగుతుంది. ఊదేవారి ఊపిరి గొట్టం పైభాగాన్ని వెచ్చగా ఉంచుతుంది కనుక నిజంగా దిగేది అంతకన్నా తక్కువే, అయినా చెవికి తెలిసేంత ఉంటుంది. ఒత్తు కూడా చెక్కవాద్యమే కనుక దానితోపాటే దిగేది. శ్రుతిపెట్టె దిగదు. కాబట్టి హాలులోకి వచ్చాక మేళంవారికి శ్రుతి సరిచూసుకోవడానికి పది నిమిషాలు ఇవ్వండి. లోపలికి రాగానే మొదలుపెట్టమని తొందరపెడితే ఆ అపశ్రుతికి బాధ్యులు వారు కారు.

మైకు విషయంలో జరిగే పొరపాటు మరీ తరచు కనిపిస్తుంది. సౌండు కుర్రాళ్ళు మైకును తెచ్చి అణసు నోటికి, అంటే కింది గంట ఆకారపు భాగానికి, బెత్తెడు దూరంలో పెడతారు. కాని పై రంధ్రాలు తెరిచినప్పుడు ధ్వనిలో ఎక్కువ భాగం ఆ తెరిచిన రంధ్రాలనుంచే బయటికి వస్తుంది. గంటనుంచి బలంగా వచ్చేది దిగువ స్వరాలు పలికేటప్పుడే. అందుకే అలా పెట్టిన మైకులో కింది షడ్జమం దద్దరిల్లి, పై స్వరాలు దూరమైపోయినట్టు వినిపిస్తాయి. మైకును వాద్యం నడిమి భాగానికి ఎదురుగా, కనీసం రెండు మూడు అడుగుల దూరంలో పెడితే అన్ని స్వరాలూ సమంగా అందుతాయి. ఇదే కారణంతో, ఇత్తడి అణసు ఉంటే నాదం రెండింతలవుతుందని దుకాణంలో చెప్పే మాటకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. ఆ భాగం ఆకారం దిగువ స్వరాలమీద ప్రభావం చూపుతుంది, మిగతా స్వరాలమీద చూపేది స్వల్పం.

కొనేముందు చేతిలోకి తీసుకుని

వాద్యాన్ని కొనేటప్పుడు గురువుగారిని గాని, వాయించగల మరొకరిని గాని వెంట తీసుకువెళ్ళడం తప్పనిసరి, ఎందుకంటే ఊదకుండా తెలిసేది సగమే. ఆ సగంలో మొదటిది: రీడు, కెండై తీసేసి గొట్టాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి లోపలికి చూడాలి. గోడ నునుపుగా, మెట్లు లేకుండా క్రమంగా వెడల్పవుతూ ఉండాలి. మధ్యలో గాడి గాని, ఉబ్బు గాని ఉంటే ఏదో ఒక స్వరం ఎప్పటికీ మొండికేస్తుంది. నాదస్వరానికి ఆచా కర్రను, అదీ పాత ఇళ్ళనుంచి వచ్చిన దూలాల కర్రను, నరసింగంపేట పనివారు కోరుకోవడానికి కారణం ఏళ్ళ తరబడి ఆరిన కర్ర ఇక వంగదు, పగలదు అన్నది. లోగోడ నునుపు, రంధ్రాల అంచులు చెడకుండా ఉండటం నాదానికి ముఖ్యం; పచ్చికర్రతో చేసింది ఒకటి రెండు వేసవులు గడిచేసరికి ఆ రెండూ పోగొట్టుకుంటుంది.

తరువాత స్థాయిల పరీక్ష. వెంట వచ్చినవారిని మధ్యస్థాయిలో నిలకడగా ఒక షడ్జమం పలికించమని, వేళ్ళు కదపకుండా పైస్థాయికి వెళ్ళమని అడగండి. శ్రుతిపెట్టె పక్కన మోగుతూ ఉండాలి. పైషడ్జమం దిగి పలికితే రీడు లోపలి జాగా ఎక్కువైంది. ఇంకొంచెం చిన్న రీడు పెట్టి చూడాలి, లేదా రీడును కెండైమీద మరికొంత లోపలికి దింపి చూడాలి. ఎక్కి పలికితే దానికి తలకిందుగా చేయాలి. రెండు మూడు రీడులు మార్చినా, కెండైని మార్చినా అదే వంక కనిపిస్తుంటే లోపం గొట్టంలో ఉంది, ఆ వాద్యాన్ని వదిలేయండి. ఒకే రీడుతో బాగా పలికి, మిగతా అన్నిటితో చెడుతుంటే కూడా జాగ్రత్తపడాలి. ఆ ఒక్క రీడు కొన్నాళ్ళకు పోతుంది.

రీడు పోవడం ఎలా తెలుస్తుందంటే, నీరు పట్టి సందు మూసుకుపోయినది ఊదగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. దాన్ని సూదితో మెల్లగా విప్పి, పక్కలనుంచి వేళ్ళతో నొక్కితే కోలుకుంటుంది. సందు మరీ తెరుచుకున్నది ఎంత ఊదినా బరువుగా, శ్రుతి దిగి పలుకుతుంది; రేకుల వెడల్పు వైపున నొక్కి కొంత దగ్గర చేయవచ్చు. అంచు చీలినది మెత్తని స్వరంలో జివ్వుమంటుంది, దానికి మందు లేదు. ఎండిన రీడును తడపకుండా నోట పెట్టి గట్టిగా ఊదితే ఇలా చీలుతుంది, కొత్తవారి చేతుల్లో రీడులు త్వరగా పోవడానికి మొదటి కారణం ఇదే.

అందుకే వాద్యం ధరతోపాటు రీడుల సరఫరా గురించి అడగడం మరిచిపోకండి. నాదస్వరం రీడులు కావేరి ప్రాంతంనుంచి వస్తాయి, మన మేళగాళ్ళకు తెప్పించుకునే దారులు తెలుసు, గురువుగారి ద్వారా డజను చొప్పున తెప్పించుకోవచ్చు. షెహనాయి రీడులకు వారణాసి వైపు చూడాలి. తెలిసినవారు లేకుండా తపాలాలో తెప్పించుకున్నవాటిలో పనికివచ్చేవి ఎన్నో ముందు తెలియదు. పొరుగూరిలో షెహనాయి వాయించేవారు ఒక్కరైనా లేని చోట, చేతిలో వాద్యం ఉండి రీడు లేక నెలల తరబడి సాధన ఆగిపోయే అవకాశం ఉంది. ఈ చిక్కుకు ముందే దారి చూసుకోగలవారు హిందుస్తానీ సంగీతం కోసం షెహనాయినే తీసుకోవచ్చు. అలా చూసుకోలేనివారు, మరీ ముఖ్యంగా పిల్లల కోసం కొనేవారు, తిమిరి నాదస్వరంతో మొదలుపెట్టి, దానితోపాటు కనీసం ఆరు రీడులు, రెండు కెండైలు, ఒక సూది తీసుకోవాలి.